రెండు మార్కుల చరిత్ర జవాబు: పేజీ నిండా రాసినా ఒక్క మార్కే ఎందుకు పడుతుంది?

క్లుప్తంగా: రెండు మార్కుల ప్రశ్నలో దిద్దేవాళ్లు వెతికేది సాధారణంగా రెండు వేర్వేరు పాయింట్లు. ఆ రెండూ ప్రశ్నలో ఉన్న మాటకే జవాబు చెప్పాలి. 'ఎందుకు' అని అడిగితే కారణాలు రాయాలి, జరిగిన కథ కాదు. చరిత్రలో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. విషయం తెలియక పోయే మార్కుల కన్నా తెలిసిన విషయాన్ని వేరే ప్రశ్నకు జవాబుగా రాసి పోగొట్టుకునేవి ఎక్కువ. పదో తరగతి సోషల్‌లో వచ్చే ఒక్క ప్రశ్న తీసుకుని అది ఎలా జరుగుతుందో ఈ వ్యాసం చూపిస్తుంది.

ప్రీ-ఫైనల్ పేపర్లు దిద్ది ఇచ్చే రోజుల్లో విజయవాడ, గుంటూరుల్లో చాలా ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది: "అల్లూరి గురించి నాకు తెలిసిందంతా రాశాను, అయినా రెండుకి ఒకటే వేశారు." పేపర్ తీసి చూస్తే జవాబు నిజంగానే పది లైన్లుంటుంది, ఒక్క తప్పు కూడా కనపడదు, చేతిరాత కూడా బాగుంటుంది. పక్క బెంచీ పిల్లాడు మూడు లైన్లు రాసి రెండుకు రెండు తెచ్చుకున్నాడని తెలిస్తే ఇంట్లోవాళ్లకు దిద్దినవాళ్ల మీదే అనుమానం వస్తుంది. ఆ పది లైన్లకు ఒకటి, ఈ మూడు లైన్లకు రెండు ఎలా వచ్చాయో అర్థం కావాలంటే ముందు ప్రశ్నను చూడాలి.

ప్రశ్న ఒకటి, జవాబు ఇంకొకటి

ప్రశ్న ఇదనుకుందాం: "1920ల ప్రారంభంలో గూడెం కొండల్లోని గిరిజనులు బ్రిటిష్ ప్రభుత్వంపై ఎందుకు తిరుగుబాటు చేశారు?" రెండు మార్కులు.

తెలుగు పిల్లలకు ఈ ప్రశ్న చాలా తేలిగ్గా అనిపిస్తుంది, చిక్కు కూడా అక్కడే ఉంది. అల్లూరి సీతారామరాజు పేరు చిన్నప్పటి నుంచి వింటున్నదే, స్కూల్ వార్షికోత్సవంలో ఎవరో ఒకరు ఆ వేషం వేస్తూనే ఉంటారు. అందుకే గూడెం అన్న మాట కనపడగానే చెయ్యి ఆగదు. సగటు జవాబు ఇలా నడుస్తుంది:

"అల్లూరి సీతారామరాజు గొప్ప దేశభక్తుడు. ఆయన గిరిజనులకు నాయకుడు. ఆయనకు ప్రత్యేక శక్తులు ఉన్నాయని ప్రజలు నమ్మేవారు. 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లపై దాడి చేసి తుపాకులు తీసుకెళ్లారు. బ్రిటిష్ వారు గిరిజనులను చాలా బాధలు పెట్టారు, అడవిలోకి రానివ్వలేదు. గెరిల్లా యుద్ధం చేశారు. 1924లో ఆయనను పట్టుకుని కాల్చి చంపారు. ఆయన ప్రజల గుండెల్లో నిలిచిపోయారు."

ఇందులో అబద్ధమేమీ లేదు. చింతపల్లి స్టేషన్ మీద దాడి 1922 ఆగస్టు 22న జరిగింది, ఆ వెంటనే మిగతా రెండూ. రాజు మరణం 1924 మే 7న. చదివిన పిల్లాడే రాశాడు. కానీ ఎనిమిది వాక్యాల్లో 'ఎందుకు' అన్నదానికి జవాబు చెప్పేది ఒక్కటే, అదీ సగం వాక్యం: "అడవిలోకి రానివ్వలేదు." "చాలా బాధలు పెట్టారు" అన్న ముందు ముక్క దేశంలో ఏ మూల జరిగిన ఏ తిరుగుబాటుకైనా సరిపోతుంది కాబట్టి దానికి మార్కు పడటం కష్టం. మిగతా ఏడు వాక్యాల్లో కొన్ని నాయకుడు ఎవరో చెబుతాయి, కొన్ని తిరుగుబాటు ఎలా జరిగిందో చెబుతాయి, కొన్ని చివరికి ఏమైందో చెబుతాయి. వీటిలో ఏదీ ప్రశ్న అడగలేదు.

రెండు మార్కులు తెచ్చుకునే జవాబు ఇలా ఉంటుంది:

"బ్రిటిష్ ప్రభుత్వం అడవులను మూసివేసి పశువులను మేపుకోవడాన్ని, వంటచెరకు, పండ్లు ఏరుకోవడాన్ని అడ్డుకోవడంతో గిరిజనుల బతుకుదెరువు దెబ్బతింది, తరతరాల హక్కులు పోయాయి. దీనికి తోడు రోడ్లు వేయడానికి వాళ్లచేత బలవంతంగా వెట్టిచాకిరి చేయించడంతో తిరగబడ్డారు."

రెండే వాక్యాలు. రాజు పేరు కూడా లేదు. పేరు లేకపోతే మార్కు పోతుందేమోనని పిల్లలు భయపడతారు గానీ, ప్రశ్న గిరిజనులు ఎందుకు తిరగబడ్డారని అడిగింది, నాయకత్వం ఎవరిదని కాదు. పాఠ్యపుస్తకంలో కూడా ఈ కారణాలు అయ్యాకే రాజు ప్రస్తావన వస్తుంది: అడవుల మూసివేతతో కొండ జనం మండిపడి ఉన్నారు, ఆ పైన వెట్టి పని మొదలయ్యేసరికి తిరగబడ్డారు, వాళ్లకు నాయకుడిగా వచ్చినవాడు సీతారామరాజు. ఆ వరుస గమనించిన పిల్లలకు జవాబు దానంతట అదే వస్తుంది.

దిద్దే బల్ల దగ్గర

దిద్దేవాళ్లు ఎందుకంత ఖచ్చితంగా ఉంటారన్నది వాళ్ల పని జరిగే తీరు చూస్తే తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి సోషల్ పేపర్ 100 మార్కులకు ఉంటుంది, ప్రశ్నలు 33. వాటిలో ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం అన్నీ ఇందులోనే. స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక టీచర్ రోజుకు 40 పేపర్ల దాకా దిద్దుతారు. ఏడు గంటలు పని అనుకుంటే పేపర్‌కు పదిన్నర నిమిషాలు వస్తాయి. 33 జవాబులు చదవడం, మార్కులు వేయడం అన్నీ ఆ పదిన్నర నిమిషాల్లోనే అయిపోవాలి. అందులో ఎక్కువ సమయాన్ని ఎనిమిది మార్కుల జవాబులు తినేస్తాయి. లెక్క వేసి చూస్తే ఒక రెండు మార్కుల జవాబు మీద కళ్లు నిలిచేది పది, పదిహేను సెకన్లు.

దిద్దే ముందు టీచర్ల దగ్గర మార్కుల పద్ధతి చెప్పే కాగితం ఒకటి ఉంటుంది, వాడుకలో 'కీ' అంటారు. గూడెం ప్రశ్నకు అందులో ఉండేది పెద్ద వ్యాసం కాదు. అడవి హక్కులపై ఆంక్షలు, బలవంతపు వెట్టి పని, ఇంకా సరైన కారణం ఏది రాసినా మార్కు ఇవ్వవచ్చు అన్న ధోరణిలో కొద్ది మాటలే ఉంటాయి. టీచర్ బుర్రలో మొదటి రెండు ముక్కలు ఉంటాయి, కళ్లు జవాబులో వాటినే వెతుకుతాయి. మొదటి లైన్లోనే ఒకటి దొరికితే టిక్కు పడుతుంది, రెండోది దొరికితే ఇంకో టిక్కు, మార్జిన్‌లో 2 వేసి ముందుకు వెళ్లిపోతారు.

పది లైన్ల జవాబులో అదే ముక్క ఐదో లైన్లో ఎక్కడో దాక్కుని ఉంటే? ఓపికగల టీచర్ పట్టుకుంటారు. సాయంత్రం నాలుగింటికి ముప్పై అయిదో పేపర్ చేతిలో ఉన్న టీచర్ కళ్లకు ఆ సగం వాక్యం తప్పిపోయినా ఆశ్చర్యం లేదు. దాన్ని అన్యాయం అనడానికి లేదు, అడిగిన విషయం కంటికి కనపడే చోట పెట్టకపోతే జరిగేది అదే. పొడుగు రాస్తే మార్కులు పెరుగుతాయన్న నమ్మకం ఎనిమిది మార్కుల ప్రశ్నల దగ్గర కొంతవరకు నిజమేమో గానీ, రెండు మార్కుల దగ్గర అది ఎదురు తిరుగుతుంది. పైగా అక్కడ పోయిన ఐదు నిమిషాలు చివర్లో ఏదో ఒక పెద్ద ప్రశ్నను మింగేస్తాయి.

'అందువల్ల' పరీక్ష

రాసిన వాక్యం కారణమా, కథా అని తేల్చుకోవడానికి తెలుగులోనే తేలికైన దారి ఉంది. వాక్యం రాశాక దాని వెనక "అందువల్ల తిరగబడ్డారు" అని కలిపి మనసులో చదవాలి.

"పశువులు మేపుకోనివ్వలేదు, అందువల్ల తిరగబడ్డారు." అతికింది. "రోడ్ల పనికి బలవంతంగా లాక్కెళ్లారు, అందువల్ల తిరగబడ్డారు." ఇదీ అతికింది. "చింతపల్లి స్టేషన్ మీద దాడి చేశారు, అందువల్ల తిరగబడ్డారు." అతకలేదు, దాడి చేయడమే తిరుగుబాటు కాబట్టి. "1924లో కాల్చి చంపారు, అందువల్ల తిరగబడ్డారు." ఇది చదువుతుంటేనే ఎబ్బెట్టుగా ఉంటుంది. అతకని వాక్యం ఎంత నిజమైనా ఈ ప్రశ్నకు పనికిరాదు.

ఇందులో ఒక మెలిక ఉంది. "అల్లూరి గొప్ప నాయకుడు, అందువల్ల తిరగబడ్డారు" అన్నది పైకి అతికినట్టే ఉంటుంది, అందుకే చాలామంది ఇక్కడ మోసపోతారు. నాయకుడు ఉండటం తిరుగుబాటు నడవడానికి ఉపయోగపడింది గానీ జనానికి కడుపు మండింది అడవి పోయినందుకు. రాజు రాకముందే ఆ మంట ఉంది. కాబట్టి నాయకత్వాన్ని కారణంగా రాయాలనిపిస్తే దాన్ని మూడో వాక్యంగా పెట్టుకోవాలే తప్ప మొదటి రెండింటి స్థానంలో కాదు.

అదే పాఠం, ప్రశ్న మాట మారితే

పిల్లలు పాఠాన్ని ఒకే ముద్దగా బట్టీ పట్టడం వల్లే, ఏ ప్రశ్న వచ్చినా అదే ముద్దను దించేస్తారు. అదే గూడెం పాఠం మీద నాలుగు రకాల ప్రశ్నలు రావచ్చు, నాలుగింటికీ రెండేసి వాక్యాలే, కానీ ఒకదాని జవాబు ఇంకోదానికి పనికిరాదు.

"తిరుగుబాటు ఎలా సాగింది?" అంటే పైన మనం పక్కన పెట్టిన వాక్యాలే ఇప్పుడు బంగారం. పోలీస్ స్టేషన్ల మీద దాడులు ఒక పాయింట్, కొండల్లో గెరిల్లా పోరాటం రెండోది. ఇక్కడ అడవి చట్టాల గురించి రాస్తే మార్కు రాదు.

"దాని ఫలితం ఏమిటి?" అంటే 1924లో రాజును పట్టుకుని చంపడంతో ఉద్యమం అణగారిపోవడం ఒకటి, ఆయన కాలక్రమంలో జానపద వీరుడిగా నిలిచిపోవడం రెండోది. ఫలితం అన్న మాట వచ్చినప్పుడు పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు సంఘటనలోని చివరి ఘట్టం ఒక్కటి రాసి వదిలేయడం. ఆ తర్వాత ఏం మారింది, ఏం మిగిలింది అన్నది ఇంకో ముక్కగా రాస్తే రెండో మార్కు వస్తుంది.

అన్నింటికన్నా చిక్కు ప్రశ్న ఇది: "గాంధీజీ పట్ల అల్లూరి సీతారామరాజు వైఖరి ఏమిటి?" దీనికి జవాబు ఒకవైపు నుంచి రాస్తే సగమే. రాజు గాంధీజీ గొప్పతనాన్ని చెప్పేవాడు, సహాయ నిరాకరణోద్యమం తనకు స్ఫూర్తి అనేవాడు, ఖద్దరు కట్టమని, తాగుడు మానమని జనానికి నచ్చజెప్పాడు. అదే సమయంలో భారతదేశానికి స్వాతంత్ర్యం బలప్రయోగంతోనే వస్తుంది, అహింసతో రాదని నమ్మాడు. ఈ రెండో ముక్క రాయకుండా ఖద్దరు, తాగుడు, స్ఫూర్తి అంటూ మూడు వాక్యాలు నింపిన జవాబుకు కూడా ఒక్క మార్కే పడే ప్రమాదం ఉంది, ఎందుకంటే మూడూ కలిపి ఒకవైపే చెబుతున్నాయి. వైఖరి, తేడా, పోలిక అన్న మాటలు ప్రశ్నలో ఉంటే జవాబులో 'కానీ' అన్న మాట ఎక్కడో ఒకచోట రావాలి. రాలేదంటే ఒక వైపు మర్చిపోయినట్టే.

ఒకే పాయింట్ రెండుసార్లు

రెండు వాక్యాలు రాసినంత మాత్రాన రెండు పాయింట్లు అయిపోవు. "సహాయ నిరాకరణోద్యమాన్ని గాంధీజీ ఎందుకు ఉపసంహరించుకున్నారు?" అన్న ప్రశ్నలో ఇది బాగా కనిపిస్తుంది. చాలామంది రాసేది: "చౌరీ చౌరాలో హింస జరిగింది కాబట్టి గాంధీజీ ఉద్యమాన్ని ఆపారు. గాంధీజీ అహింసావాది, ఆయనకు హింస నచ్చదు కాబట్టి ఆపారు."

ఈ రెండు వాక్యాలనూ కలిపి పిండితే మిగిలేది ఒకటే మాట, హింస. దిద్దేవాళ్లు రెండో వాక్యానికి మళ్లీ టిక్కు పెట్టరు. పాఠంలో రెండో కారణం వేరుగానే ఉంది. పెద్ద ఎత్తున పోరాటానికి దిగే ముందు సత్యాగ్రహులకు సరైన శిక్షణ కావాలని గాంధీజీ భావించారు. దాన్ని కలిపితే జవాబు ఇలా నిలుస్తుంది:

"1922 ఫిబ్రవరిలో గోరఖ్‌పూర్ జిల్లా చౌరీ చౌరాలో జనం పోలీస్ స్టేషన్‌కు నిప్పు పెట్టడంతో, ఉద్యమం హింస వైపు మళ్లుతోందని గాంధీజీ భావించారు. సామూహిక పోరాటాలకు దిగే ముందు సత్యాగ్రహులకు ఇంకా శిక్షణ అవసరమని కూడా ఆయన అనుకున్నారు."

ఇక్కడ మొదటి వాక్యంలో ఊరి పేరు ఒక్కటే పెట్టి "చౌరీ చౌరా సంఘటన వల్ల" అని వదిలేసేవాళ్లూ ఉన్నారు. అది కారణానికి పేరు మాత్రమే, కారణం కాదు. చౌరీ చౌరాలో ఏం జరిగిందో తెలియని మనిషి ఆ జవాబు చదివితే గాంధీజీ ఎందుకు ఆపారో తెలియదు. పేరు పక్కన నాలుగు మాటల్లో ఏం జరిగిందో, దాన్ని ఆయన ఎలా చూశారో రాస్తేనే పాయింట్ నిండుతుంది. గైడ్లలో ఒక్క పదం జవాబులు బిట్ల కోసం ఇస్తారు, వాటినే రెండు మార్కులకు ఎత్తి రాయడం వల్ల వచ్చే తంటా ఇది.

పాయింట్లు వేరో కాదో తెలుసుకోవాలంటే రెండో వాక్యాన్ని వేలితో మూసి మొదటిది చదవాలి. రెండోదానిలో ఏముందో మొదటిది చదివే చెప్పేయగలిగితే అవి రెండు కాదు. గూడెం జవాబులో అడవి ఆంక్షల వాక్యం చదివినవాళ్లు రోడ్ల వెట్టి పని గురించి ఊహించలేరు, కాబట్టి అవి రెండూ నికరంగా వేర్వేరే.

ఒకటి, రెండు, నాలుగు

ఒకే విషయం మార్కులను బట్టి ఎలా సాగుతుందో పక్కపక్కన పెడితే రెండు మార్కుల కొలత ఇంకా తేటగా తెలుస్తుంది. "గూడెం కొండల తిరుగుబాటుకు నాయకుడు ఎవరు?" ఒక మార్కు. "అల్లూరి సీతారామరాజు" అంటే చాలు, పూర్తి వాక్యం రాస్తే ఇంకా మంచిది, రెండో వాక్యం మాత్రం వృథా.

"ఎందుకు తిరగబడ్డారు?" రెండు మార్కులు. రెండు కారణాలు, ఒక్కోదానికి ఆధారంగా ఒక చిన్న వివరం. పశువుల మేత, వంటచెరకు అన్న మాటలు ఆ వివరాలే. "ఆంక్షలు పెట్టారు" అని ఊరుకుంటే ఏ ఆంక్షలో తెలియదు, అలాగని అటవీ చట్టాల చరిత్ర మొదలుపెడితే అది వేరే వ్యాసం అవుతుంది.

"గూడెం తిరుగుబాటును వివరించండి" అని నాలుగు మార్కులకు అడిగితే అప్పుడు కారణాలు, నాయకుడు, పోరాటం సాగిన తీరు, ముగింపు అన్నీ కావాలి. మొదట చూసిన ఎనిమిది వాక్యాల జవాబును కాస్త సరిచేసి, వెట్టి పని కలిపితే ఈ నాలుగు మార్కులకు దాదాపు సరిపోతుంది. అంటే ఆ పిల్లాడికి చదువు రాక కాదు, నాలుగు మార్కుల జవాబును రెండు మార్కుల చోట పెట్టాడు, అది కూడా అసలు అడిగిన ముక్కను కుదించి.

సోషల్ పేపర్‌లో ఎనిమిది రెండు మార్కుల ప్రశ్నలే ఉన్నాయి, అందులో చరిత్రవి కొన్నే, దీనికింత చర్చ ఎందుకు అనిపించవచ్చు. ఒక్కో ప్రశ్నలో పోయేది ఒక్క మార్కే గానీ, ప్రశ్నలోని మాటను దాటిపోయే అలవాటు ఒక్కచోట ఆగదు, నాలుగు మార్కుల జవాబుల్లో కూడా అదే లోపం ఇంకా పెద్దగా బయటపడుతుంది.

తేదీలు, ఊళ్లు ఎప్పుడు పెట్టాలి

చరిత్ర అంటే తేదీలే అన్న భయం చాలామందిలో ఉంది. 'ఎప్పుడు' అని అడగని ప్రశ్నకు తేదీ వల్ల విడిగా మార్కు రాదు. అయితే సంవత్సరం, చోటు జవాబుకు ఒక దారి చూపిస్తాయి, రాసినవాళ్లకు విషయం తెలుసని దిద్దేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. నమ్మకంగా తెలిస్తే సంవత్సరం రాయడం మంచిది, తెలియకపోతే "1920ల ప్రారంభంలో" అంటే సరిపోతుంది. నెలా తేదీ గుర్తు తెచ్చుకోవడానికి హాల్లో టెన్షన్ పడుతూ రెండు నిమిషాలు కూర్చోవడం దండగ.

చోటు దగ్గర మన వైపు పిల్లలు జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. గూడెం అనగానే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలవాళ్లకు తాడేపల్లిగూడెం గుర్తొస్తుంది. ఈ గూడెం అది కాదు, విశాఖ ఏజెన్సీలోని కొండ ప్రాంతం, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. మ్యాప్ తీసి చింతపల్లి ఎక్కడుందో ఒక్కసారి చూస్తే ఈ తికమక తీరిపోతుంది, పైగా అడవి మూసేస్తే ఆ ఊళ్లకు బతుకు ఎందుకు ఉండదో కూడా అర్థమవుతుంది.

సొంత ఊరి చరిత్ర ఇంకో రకంగా అడ్డు వస్తుంది. గుంటూరు వైపు టీచర్లు సహాయ నిరాకరణ పాఠం చెప్పేటప్పుడు పెదనందిపాడు పన్నుల నిరాకరణ, చీరాల-పేరాల జనం ఊరు ఖాళీ చేసి వెళ్లిపోవడం ప్రస్తావిస్తారు, చెప్పాల్సిందే కూడా. విజయవాడలో అయితే 1921లో ఇక్కడే జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలన్న నిర్ణయం క్లాసులో వస్తాయి. పిల్లలకు అవి బాగా గుర్తుండిపోతాయి, గుర్తుండబట్టి ఉద్యమాన్ని గాంధీజీ ఎందుకు ఆపారన్న ప్రశ్నలోనూ రాసేస్తారు. అక్కడ అవి పనికిరావు. "సహాయ నిరాకరణ కాలంలో ఆంధ్రలో జరిగిన ఏవైనా రెండు పోరాటాలు తెల్పండి" అని అడిగితే మాత్రం అవే సరైన జవాబు. అప్పుడు కూడా పేర్లు రెండు రాసి ఆగకుండా, పెదనందిపాడులో రైతులు ప్రభుత్వానికి పన్ను కట్టడం మానేశారని, చీరాల-పేరాలలో మున్సిపాలిటీ పన్నుల భారానికి నిరసనగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్లు వదిలి ఊరి బయట గుడిసెలు వేసుకున్నారని ఒక్కో వాక్యం రాయాలి.

ఈ కొలత ఎక్కడ సరిపోదు

రెండు పాయింట్ల లెక్క అన్ని రెండు మార్కుల ప్రశ్నలకూ ఒకేలా నడవదు. "వెట్టిచాకిరి అంటే ఏమిటి?" అని అడిగితే రెండు కారణాలు వెతకడంలో అర్థం లేదు. అక్కడ మొదటి వాక్యం అర్థం చెప్పాలి, కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించుకునే పని అని. రెండో వాక్యం ఉదాహరణ ఇవ్వాలి, గూడెం కొండల్లో రోడ్ల పనికి గిరిజనులను అలా వాడుకున్నారని. ఉదాహరణ లేని నిర్వచనానికి రెండు మార్కులూ ఇవ్వడానికి దిద్దేవాళ్లు తటపటాయిస్తారు.

"అల్లూరి మార్గాన్ని మీరు సమర్థిస్తారా?" లాంటి ప్రశ్నల్లో కీ తెరిచే ఉంటుంది, అవునన్నా కాదన్నా మార్కు వస్తుంది. అక్కడ వెతికేది అభిప్రాయం పక్కన ఒక నిజమైన ఆధారం ఉందా లేదా అని. "సమర్థిస్తాను, ఆయన గొప్పవాడు కాబట్టి" అన్నది ఆధారం కాదు. "సమర్థిస్తాను, అడవి హక్కులు పోయి వెట్టికి లాగబడిన జనానికి వేరే దారి కనపడలేదు" అన్నది ఆధారం. "సమర్థించను, ఆయుధాలతో పోరాడినందువల్ల ప్రభుత్వం బలగాలు దించి రెండేళ్లలో అణచివేసింది" అన్నదీ ఆధారమే.

ఇక మూడో వాక్యం సంగతి. రెండు పాయింట్లు పడ్డాక ఇంకో లైను చోటుంటే ఏం చేయాలన్నది పిల్లలు తరచూ అడుగుతారు. మూడో సరైన కారణం తెలిస్తే రాయవచ్చు, మొదటి రెండింట్లో ఒకటి తేలిపోయినా అది ఆదుకుంటుంది. తెలియనప్పుడు "ఈ విధంగా గిరిజనులు తిరుగుబాటు చేశారు" అని ప్రశ్నను తిప్పి రాయడం వల్ల వచ్చేదేమీ లేదు. సరిగా తెలియని సంగతి ఊహించి రాస్తే ఇంకా నష్టం. గూడెం జవాబులో రెండు కారణాలూ సరిగ్గా రాసి, చివర "ఉప్పు మీద పన్ను వేయడం వల్ల కూడా" అని కలిపితే దిద్దే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, 1930 నాటి ఉప్పు సత్యాగ్రహంతో దీన్ని కలిపేశాడని తెలిసిపోతుంది. మార్కు తీయకపోవచ్చు, కానీ రెండో కారణం కాస్త వదులుగా రాసి ఉంటే ఆ సందేహంతో అరమార్కు తగ్గవచ్చు. రెండో వాక్యం దగ్గర చుక్క పెట్టి, ఒక లైను వదిలి, తర్వాతి ప్రశ్న నంబరు వేసుకోవడం నయం.